రెండు పేజీలు చూసి డిసర్టేషన్‌కి ఎన్ని మార్కులు వస్తాయో చెప్పడం ఎలా?

యూకేలో మాస్టర్స్ చేస్తున్న మా పిన్ని కొడుకు తన 15,000 పదాల డిసర్టేషన్‌లోంచి లిటరేచర్ రివ్యూ ముక్క, మహా అయితే రెండు పేజీలు, పంపి "అక్కా, మెరిట్ వస్తుందా?" అంటున్నాడు. అక్కడ 50కి పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. రాసింది బాగానే ఉంది, పేపర్లని వరసగా అప్పజెప్పకుండా ఒకదానితో ఒకటి పోల్చాడు, 65 ఇవ్వొచ్చు. కానీ వాళ్ల మార్కింగ్ షీట్ ప్రకారం రివ్యూ, భాష, రెఫరెన్సులు కలిపి 30 శాతమే, మెథడాలజీ, విశ్లేషణ లాంటి మిగతా 70 శాతం నేను చూడనే లేదు. అక్కడ 50 స్థాయిలో ఉంటే మొత్తం 54.5, 70 స్థాయిలో ఉంటే 68.5. పైగా తనకి బాగా వచ్చిన ముక్కే ఏరి పంపి ఉంటాడు కదా (నేనైనా అదే చేస్తాను), అందుకే కింది అంచుకే మొగ్గు చూపాలనిపిస్తోంది.

డిసర్టేషన్లు దిద్దిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: "54 నుంచి 68" అంటే వాడికి ఏమైనా పనికొస్తుందా? ఈ రేంజ్ తగ్గాలంటే ఇంకొక్క పేజీ ఏది అడగాలి, డిస్కషన్‌లోదా, మెథడాలజీలోదా?