ఫ్రిజ్ లాగర్‌లో తెల్లవారుజామున 11.2 చూపిస్తోంది, ఇన్సులిన్ అంతా పారేయాలా?

కొత్తపేట కుర్రాడు: అందరికీ నమస్కారం, మాది గుంటూరు కొత్తపేటలో మెడికల్ షాపు, నేను అక్కడ ఫార్మసిస్టుగా చేస్తున్నాను. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టిన లాగర్ పది నిమిషాలకోసారి రీడింగ్ తీసుకుంటుంది. ఈ వారం ఫైల్ దించి చూస్తే మంగళవారం 04:10 నుంచి 04:50 దాకా 8.6, 10.1, 11.2, 9.7, 8.3 అని ఉన్నాయి. ఆ టైముకి షాపు మూసి ఉంటుంది, తలుపు తీసేవాళ్లు ఎవరూ లేరు, కరెంటు కూడా పోలేదని పక్క షాపు వాచ్‌మన్ చెప్పాడు. అంటే కంప్రెసర్ పోతున్నట్టేనా? మా ఓనరు గారైతే మొత్తం సరుకు తీసేద్దాం అంటున్నారు, నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఫైల్ పెట్టాను, ఎవరైనా చూసి చెప్పండి.

హోల్‌సేల్ బాబాయ్: కంగారు పడకు బాబూ. నీ రిపోర్టు కింద MKT 5.1 అని ఉంది కదా, అది 2 నుంచి 8 మధ్యలోనే ఉంది. వారం మొత్తం మీద సరుకు పడ్డ వేడిని అది లెక్కగట్టి చెబుతుంది. నలభై నిమిషాలు పదకొండుకి పోతే ఇన్సులిన్‌కి ఏమీ కాదు, వాడకంలో ఉన్న పెన్ను జనం నాలుగు వారాలు బయటే పెట్టుకుంటున్నారు. రిపోర్టు ప్రింట్ తీసి ఫైల్ చేసెయ్, అంతే.

మిర్చి కోల్డ్ స్టోరేజ్: మాది మిర్చి కోల్డ్ స్టోరేజ్ అండీ. పొద్దున్నే లారీకి టిక్కీలు ఎత్తేటప్పుడు తలుపులు తీస్తే మాకూ ఇలాగే పైకి పోతుంది, మళ్లీ దిగిపోతుంది, మేం దాన్ని పట్టించుకోం. కానీ సెన్సర్‌ని ఫ్యాన్ ఎదురుగా పెట్టినప్పుడు మాత్రం గది అంతా ఒక రకంగా ఉంటే అది ఇంకో రకంగా చూపించేది. మీరు లాగర్ ఎక్కడ పెట్టారు? మిర్చికి ఇన్సులిన్‌కి పోలిక లేదనుకోండి, తెలిసింది చెప్పాను.

బెజవాడ ఫార్మసిస్ట్ అక్క: తమ్ముడూ, కంప్రెసర్ సంగతి తర్వాత, ముందు నీ ఫైల్ పైన నాలుగో లైను చూడు. UTC+00:00 అని ఉంది. అంటే లాగర్‌లో మన టైము పెట్టలేదు, ప్రతి రీడింగుకీ ఐదున్నర గంటలు కలపాలి. అప్పుడు నీ 04:10 కాస్తా పొద్దున 9:40 అవుతుంది. మంగళవారం ఆ టైముకి మీ షాపులో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. నమ్మకం కుదరకపోతే లాగర్‌ని ఒక పావుగంట అరచేతిలో పట్టుకుని, గోడ గడియారంలో టైము రాసుకో, తర్వాత ఫైల్‌లో ఆ వేడి ఏ టైముకి పడిందో చూడు.

ఇంకోటి, నువ్వు అసలు అడగనిది. అదే ఫైల్‌లో అదే మంగళవారం 21:20 దగ్గర 1.4, 0.3, −0.6, −0.4, 0.9 ఉన్నాయి. మన టైములో అది బుధవారం తెల్లవారుజాము 2:50, తేదీ కూడా మారిపోతుంది. నాకు భయం వేసింది దీన్ని చూసే.

కొత్తపేట కుర్రాడు: అక్కా, మంగళవారం తొమ్మిదిన్నరకి సరుకు వచ్చింది! తలుపు బార్లా తీసి పెట్టెలు సర్దింది నేనే. కిందకి పోయినవి నేను చూడనే లేదు, అలారం 8 పైనే పెట్టాం. లాగర్ పై అరలో వెనక, చల్లగాలి వచ్చే చోట పెట్టాను. ఆ గాలికి ఎదురుగానే 30/70 పెట్టెలు ఉన్నాయి.

హోల్‌సేల్ బాబాయ్: అయినా MKT బాగానే ఉంది కదమ్మా.

బెజవాడ ఫార్మసిస్ట్ అక్క: బాబాయ్ గారూ, వేడి విషయంలో మీరన్నది చాలావరకు నిజమే. గాలి 11.2కి పోయిందని అట్టపెట్టెలో ఉన్న మందు అంత వేడెక్కదు, ఐదు రీడింగులంటే గంటలోపే. దాన్ని రిజిస్టర్‌లో రాసి, కారణం రాసి, కంపెనీకి తెలియజేస్తే సరిపోతుంది. కానీ MKT వేడికి ఎక్కువ బరువు ఇచ్చే లెక్క, చలికి ఇవ్వదు. రాత్రి అరగంట గడ్డకట్టే దాకా పోయినా ఆ అంకె ఇంకా అందంగా కనిపిస్తుంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా వాడకూడదు. 30/70 లాంటి తెల్లటి వాటిలో ఉండలు కనిపించవచ్చు, నీళ్లలా ఉండేవి పైకి మామూలుగానే ఉండి లోపల పాడైపోవచ్చు. కంటితో చూసి బాగుందని అనలేం.

తమ్ముడూ, ఎక్సెల్‌లో A కాలమ్‌లో టైము, B లో టెంపరేచర్ ఉంది కదా, ఇవి వేసి చూడు. ఏడు రోజులకి 1008 రీడింగులు ఉండాలి, తక్కువుంటే మధ్యలో లాగర్ ఆగినట్టు.

```
=A2+TIME(5,30,0)
=COUNT(B2:B1009)
=COUNTIF(B2:B1009,"<2")
=COUNTIF(B2:B1009,">8")
```

రెండో విషయం, లాగర్ నిజమే చెబుతోందా అన్నది. మంచు ముక్కలు బాగా నలగ్గొట్టి, కొంచెం నీళ్లు కలిపి, లాగర్‌ని నీరు పోని జిప్ కవర్‌లో పెట్టి అందులో ఇరవై నిమిషాలు ఉంచు. సున్నా దగ్గర ఉండాలి, అర డిగ్రీ అటూ ఇటూ ఫర్వాలేదు.

కొత్తపేట కుర్రాడు: అన్నీ చేశాను. మంచులో 0.2 చూపించింది, అంటే లాగర్ బాగానే ఉంది. 1008 ఉన్నాయి, 8 పైన ఐదే. 2 కింద మాత్రం 31! పాత ఫైళ్లు కూడా తీస్తే దాదాపు ప్రతి రాత్రీ రెండు మూడు గంటల మధ్య దిగుతోంది, పోయిన గురువారం −1.8 దాకా పోయింది. మే నెలలో ఎండలకి ఫ్రిజ్ నాబ్ 4 నుంచి 6కి తిప్పాం అక్కా, వానలు పడ్డాక వెనక్కి తిప్పడం మర్చిపోయాం.

బెజవాడ ఫార్మసిస్ట్ అక్క: అదే కారణం. పగలు తలుపు తీస్తూ ఉంటారు కాబట్టి సరిపోతుంది, రాత్రి బయట చల్లబడి తలుపు మూసి ఉంటే అదే నాబ్ మీద లోపల మరీ చల్లబడుతుంది. ఒకేసారి 4కి కాకుండా 5కి తిప్పి ఒక రాత్రి చూడు. లాగర్ సెన్సర్‌ని చిన్న గ్లిజరిన్ సీసాలో ముంచి మధ్య అరలో పెట్టెల మధ్య పెట్టు, అప్పుడు తలుపు తీసినప్పుడల్లా ఎగరకుండా మందు ఎలా ఉందో అలాగే చెబుతుంది. పెట్టెలు వెనక గోడకి ఆనకుండా జరుపు. అలారం 2 కింద కూడా పెట్టు.

గాలికి ఎదురుగా ఉన్న పెట్టెలన్నీ ఫ్రిజ్‌లోనే వేరే ట్రేలో పెట్టి, అమ్మవద్దని రాసి, బ్యాచ్ నంబర్లతో ఆ రాత్రుల రీడింగులు కంపెనీకి మెయిల్ చెయ్. మిగతా అరల్లో ఎంతుందో మనకి తెలియదు కాబట్టి వాటి గురించీ అడుగు.

మిర్చి కోల్డ్ స్టోరేజ్: −0.6 పావుగంటే కదండీ ఉంది, అంతలో సీసా గడ్డకడుతుందా?

బెజవాడ ఫార్మసిస్ట్ అక్క: ఆ ఒక్క రాత్రే అయితే కట్టకపోవచ్చు, గాలి చల్లబడినంత త్వరగా సీసాలో మందు చల్లబడదు. −1.8 ఎంతసేపు ఉందో చూడాలి. కానీ కాదని నేను చెప్పి అమ్మించలేను, అది కంపెనీ వాళ్లు డేటా చూసి చెప్పాలి.

కొత్తపేట కుర్రాడు: అక్కా, మెయిల్ పంపాను, ఇంకా జవాబు రాలేదు. ఆ ట్రేలో పెట్టిన బ్యాచ్‌లోంచి ఈ వారం రెండు పెట్టెలు అమ్మేశాం. ఏం చేయాలి?

హోల్‌సేల్ బాబాయ్: జవాబు వచ్చే దాకా ఆగితే మంచిదేమో, అనవసరంగా జనాన్ని భయపెట్టినట్టు అవుతుంది.

బెజవాడ ఫార్మసిస్ట్ అక్క: ఆగొద్దు. బిల్లులో బ్యాచ్ ఉంటుంది, ఇప్పుడే ఫోన్ చేసి, మందు మానేయమని కాదు, ఆ పెట్టె పక్కన పెట్టి కొత్తది తీసుకెళ్లమని చెప్పు. ఈలోపు షుగర్ ఎక్కువ చూపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పమను.

కొత్తపేట కుర్రాడు: ఒకాయన బ్రాడీపేట నుంచి వచ్చి మార్చుకుని వెళ్లారు, కొత్త పెట్టె పక్క ఏజెన్సీ నుంచి తెప్పించి ఇచ్చాం. రెండో బిల్లు మీద పేరు ఉంది కానీ ఫోన్ నంబర్ లేదు. చీటీ రాసిన డాక్టర్ గారి క్లినిక్ సాయంత్రం ఐదుకి తీస్తారు, అక్కడికే వెళ్తున్నాను.