కవలల చూడి గొర్రె దాణా మానేసింది: ఒళ్ళు చేసింది కదా, దాణా ఆపేయాలా?

మందకాపరి: 50 కిలోల గొర్రె, చూలు కట్టి 128 రోజులు. స్కానింగ్‌లో కవలలని తేలింది. ఒళ్ళు బాగా చేసింది. నిన్నటి నుంచి దాణా వాసన చూసి వదిలేస్తోంది, ఎండుగడ్డి మాత్రం కొరుకుతోంది. కొవ్వు కరగడానికి వారం రోజులు దాణా ఆపేయాలా?

ఎండుగడ్డి: ఆపేయండి. ఇప్పుడు దాణా పెడితే పిల్లలు లావెక్కి ఈనేటప్పుడు ఇరుక్కుంటాయి. నీరసానికి పంచదార నీళ్ళు పట్టించండి.

నెమరు: దయచేసి ఆపకండి. ఒళ్ళు తగ్గించే సమయం మూడో నెలతోనే దాటిపోయింది. కడుపులో పిల్లలు పెరిగే బరువులో నూటికి 70 పాళ్ళు చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. తల్లి తిన్నా తినకపోయినా అవి గ్లూకోజు లాగుతూనే ఉంటాయి. ఆ లోటు పూడ్చడానికి ఒంట్లో కొవ్వు కరిగి కాలేయం మీద పడుతుంది, ఆ కొవ్వు నుంచి పుట్టే కీటోన్లు పెరుగుతాయి, దాంతో ఆకలి చచ్చిపోతుంది. ఆకలి చచ్చేకొద్దీ ఇంకా కొవ్వు కరుగుతుంది. బక్క గొర్రెకూ ఈ జబ్బు వస్తుంది గానీ, ఒళ్ళు చేసినదానిలో కరిగే కొవ్వు ఎక్కువ, పైగా ఆ కొవ్వూ పిల్లలూ కలిసి పెద్ద పొట్టను నొక్కేసి మేతకు చోటు లేకుండా చేస్తాయి. పిల్ల ఇరుక్కుంటుందనే భయం ఒంటి పిల్ల విషయంలో కొంత నిజమే. కవలలప్పుడు తల్లి పస్తుండడమే పెద్ద ప్రమాదం.

ముందు మూత్రం చూడండి. పడుకున్న గొర్రెను మెల్లగా లేపితే చాలాసార్లు ఆ వెంటనే మూత్రం పోస్తుంది, వెనక గిన్నె పట్టి కీటోన్ స్ట్రిప్ ముంచండి. ఊదా రంగుకు తిరిగితే ఆలస్యం చేయకండి: ప్రొపిలిన్ గ్లైకాల్ 60 మి.లీ. పొద్దున, 60 మి.లీ. సాయంత్రం, కనీసం మూడు రోజులు. తల పైకెత్తి పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతి నేలకు సమాంతరంగా ఉంచి, దవడ పక్కనుంచి మెల్లగా పట్టండి. మింగలేనంత నీరసంగా ఉంటే నోటి ద్వారా ఏమీ పట్టించకూడదు, డాక్టరు నరంలోకి గ్లూకోజు ఎక్కించాల్సిందే.

పంచదార నీళ్ళు వద్దు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టేస్తాయి. గ్లూకోజు రక్తంలోకి చేరదు సరికదా, ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి ఉన్న నెమరు కూడా ఆగిపోతుంది. గ్లైకాల్ వేరు: రక్తంలోకి చేరాక కాలేయం దాన్ని గ్లూకోజుగా మార్చుకుంటుంది. అలాగని డోసు పెంచకండి, ఎక్కువైతే గొర్రె మత్తుగా తూలుతుంది.

తెల్లకొమ్ము: ఇది కాల్షియం లోపం. చివరి నెలలో పడిపోయే గొర్రెలన్నీ అదే. కాల్షియం ఎక్కిస్తే లేస్తుంది.

నెమరు: సగం నిజం. ఈ కీటోన్ల జబ్బూ కాల్షియం లోపమూ ఒకేలా కనిపిస్తాయి, తరచూ కలిసే వస్తాయి కూడా. అందుకే గోరువెచ్చగా చేసిన కాల్షియం బోరోగ్లూకోనేట్ 25 శాతం ద్రావణం మొత్తం 50 మి.లీ. మూడు నాలుగు చోట్లకు పంచి చర్మం కింద ఇవ్వడం మంచిదే. గంటా రెండు గంటల్లో చెవులు నిలబెట్టి లేచిందంటే కాల్షియం లోటు ఉన్నట్టే. కానీ స్ట్రిప్ రంగు మారి ఉంటే, లేచింది కదా అని గ్లైకాల్ మానకండి.

మందకాపరి: స్ట్రిప్ మధ్యరకం ఊదాకు తిరిగింది. గ్లైకాల్ మొదలుపెట్టాను. దాణా ఎంత?

నెమరు: ఎంత తింటే అంత. ఒక్కసారి అర కిలో పోస్తే పొట్ట పాడవుతుంది. 100 గ్రాములతో మొదలుపెట్టి, రోజుకు మూడు నాలుగు సార్లుగా పెంచుకుంటూ పోండి. కాడలున్న ముతక గడ్డి చోటు ఆక్రమిస్తుంది, బలం ఇవ్వదు. ఆకు ఎక్కువున్న మెత్తని గడ్డి వెయ్యండి. దాణా తొట్టి దగ్గరికి ఆఖర్న వచ్చేది, మంద నుంచి విడిగా నిలబడేది మరేదైనా ఉందేమో చూడండి, దాని మూత్రమూ పరీక్షించండి. పళ్ళు కొరకడం, గోడకు తల ఆనించడం, కళ్ళు కనపడనట్టు తడబడడం మొదలైతే ఆలస్యమైనట్టే.

మేకలకొట్టం: మా మేక 141వ రోజు పడిపోయింది. డాక్టరు ఈత తెప్పించే ఇంజెక్షన్ ఇస్తే రెండో రోజుకు ఈనింది, అన్నీ బతికాయి. మీరూ ఇప్పుడే చేయించండి.

నెమరు: మీది 141, ఇది 128. ఇప్పుడు ఈనితే పిల్లలు దక్కవు. ఇంకో తేడా: మేకకు ప్రోస్టాగ్లాండిన్ పనిచేస్తుంది, గొర్రెకు ఈ దశలో దానితో ఈత రాదు, డెక్సామెథసోన్ కావాలి. అది కూడా కడుపులో పిల్లలు సజీవంగా ఉంటేనే నమ్మకంగా పనిచేస్తుంది.

తెల్లకొమ్ము: అయినా 132కి పడిపోయిందనుకోండి, పిల్లల కోసం తల్లిని పోగొట్టుకోవాలా? ఆ రోజే ఇంజెక్షన్ వేయించడమే నయం.

నెమరు: లేచి నిలబడుతూ, కొంచెమైనా తింటూ ఉంటే నేను 140 దాకా లాగడానికే చూస్తాను. లేవలేకపోతే తల్లి కోసం వేయించడమే. ఈ రెంటి మధ్య ఉన్న గొర్రె సంగతి డాక్టరు చూసి చెప్పాలి.

ఎండుగడ్డి: 140 దాకా ఆగితే పిల్లలు లోపలే చచ్చి, తల్లీ పోయిన గొర్రెలు లేవా?

నెమరు: ఉన్నాయి. అందుకే రోజూ స్ట్రిప్ చూడమంటున్నాను. మూడు రోజులు గ్లైకాల్ పట్టినా రంగు తగ్గక, మేత పెరగకపోతే నా లెక్క కూడా మారుతుంది.