సమస్య: పేరు లేనివాని పేరు పిలిచె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. ముత్తవ్వ పుట్టిన మునిమనవడికి ఉత్తరం రాస్తోంది. మన ఇంట్లో అసలు పేరు కంటే ముందే ముద్దుపేరు ఎందుకు పెడతామో అందులో చెప్పాలి. పేరు లేనివాడికి పేరెలా వచ్చిందన్నది మీరు విప్పాలి.

పద్యప్రియ:
మునిమనవడ! నీకు ముద్దుపేరొకటుంచి
అసలు పేరు వెదుక నాగినాము
బుజ్జి యనుచు నేడు మురిపెమ్ముతో నిల్లు
పేరు లేనివాని పేరు పిలిచె

గణగణ: మూడో పాదంలో యతి తప్పింది. బు ఎక్కడ, ము ఎక్కడ?

పాతకలం: తప్పలేదండీ. పు, ఫు, బు, భులకు ము చెల్లుతుంది, దాన్నే ముకార యతి అంటారు. బుజ్జి బదులు బాబు అని ఉంటే మీ మాటే నిజమయ్యేది. నా అభ్యంతరం వేరు. ముద్దుపేరు పెట్టామని చెప్పారు గానీ ఎందుకో చెప్పలేదు. ఆ మాట లేకపోతే అది ఉత్తరమెలా అవుతుంది?

కొత్తగొంతు: నాకు రెండు పాదాలే వచ్చాయి.
పేరు పెట్టువరకు పిలవడానికి పేరు
ఉండాలి కదా ఇంట్లో

పాతకలం: మొదటి పాదం నిక్షేపంగా ఉంది, యతి కూడా కుదిరింది. రెండోదానికి అయిదు సూర్యగణాలు కావాలి. ‘ఉండా’ రెండూ గురువులే కాబట్టి మొదటి అడుగే పడదు. ‘ఇంట నొకటి చాలు నిపుడు నాన్న’ అని చూడండి. కారణం మాత్రం మీరే పట్టుకున్నారు. పెద్దవాళ్ళు ఒక పేరు మీద ఒప్పుకునేదాకా పిల్లాడు ఊరుకోడు కదా, ఏదో ఒకటి అని పిలవాలి.

ఇంటిపెద్ద: మా ఇంట్లో ముద్దుపేరే స్కూలు రిజిస్టర్‌లోకి ఎక్కేసింది. మావాడికి ఇప్పుడు ముప్పై దాటాయి, ఆఫీసులో కూడా చిన్నా అనే పిలుస్తారు. దీనికి పద్యం ఉందా?

నిర్వాహకుడు: అది ఇంకో సమస్యండీ, వచ్చేవారం ఇస్తాను.

పాతకలం: నా ప్రయత్నం:
తాత పేరె నీకు తగుననిరందరు
మగని పేరు పలుక మనసు రాదు
అవ్వ ‘కన్న’ యనియె నప్పటికింకొక
పేరు లేనివాని పేరు పిలిచె

మూడో పాదం చివరి ‘ఇంకొక’ నాలుగోదాని మొదటికి అతుక్కుంటుంది. ఇంకో పేరు లేనివాడు అనగానే చిక్కు వీడిపోతుంది.

పద్యప్రియ: భర్త పేరు నోట పలకని ముత్తవ్వ! ఆయన పేరే పిల్లాడికి పెడితే ఆవిడకు ముద్దుపేరు తప్ప దారి లేదు. నా పద్యంలో లేని ‘ఎందుకు’ ఇదే. అయితే ఉత్తరంలో ‘నేను’ అనకుండా ‘అవ్వ యనియె’ అంటే వేరెవరో రాసినట్టుంది.

పాతకలం: మా ముసలివాళ్ళు ‘అవ్వ చెప్తోంది విను’ అనే అంటారు.

గణగణ: ఆడపిల్ల పుడితే? ‘పేరు లేనిదాని పేరు పిలిచె’ అన్నా గణాలు సరిపోతాయి.

నిర్వాహకుడు: సరిపోతాయి గానీ, ఇచ్చిన పాదాన్ని మార్చకూడదు.

గణగణ: ఒక్క అక్షరమేనండీ!