దిక్సూచి కదలకపోతే కుడిచేతి నియమం తప్పినట్టా? పదో తరగతి ఫిజిక్స్ టెస్ట్ డౌటు

నమస్కారం అండి, మాది విశాఖ గాజువాక. మా అమ్మాయికి సోమవారం ఫిజిక్స్ టెస్ట్.

ప్రశ్న ఇది: తూర్పు నుంచి పడమరకు కరెంటు పోతున్న అడ్డ తీగ కింద అయస్కాంత క్షేత్రం ఎటు ఉంటుంది? కుడిచేతి బొటనవేలు పడమరకు పెడితే, మడిచిన వేళ్లు తీగ కింద ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగాయి. జవాబు దక్షిణం అని రాసింది.

సరిచూద్దామని డైనింగ్ టేబుల్ మీద దిక్సూచి పెట్టి, దానిపైన తీగ పట్టుకుని, టార్చి సెల్లు ఒక్క క్షణం తగిలించాం. ముల్లు కదలనే లేదు! పిల్లకి టెన్షన్ పట్టుకుంది. అదే తీగను ఉత్తర దక్షిణాలుగా తిప్పి, కరెంటు ఉత్తరానికి పంపితే ముల్లు పడమరకు చక్కగా ఒరిగింది.

నాకు తోచింది చెబుతాను. మొదటిసారి తీగ క్షేత్రం భూమి క్షేత్రానికి సరిగ్గా ఎదురుగా ఉంది. అది భూమిదాన్ని మించితే తప్ప ముల్లు తిరగదు. రెండోసారి అడ్డంగా పడింది కాబట్టి కొంచెమైనా పక్కకు లాగింది. ఇది సరైనదేనా?

ఇంకొకటి. తీగచుట్టలోకి అయస్కాంతం ఉత్తర ధ్రువాన్ని తోస్తే, ఎదురు ముఖం ఉత్తరమై, అటునుంచి చూస్తే కరెంటు అపసవ్యంగా వస్తుందని లెంజ్ నియమంతో తేల్చాం. ఇక్కడ ఫ్లెమింగ్ కుడిచేయి వాడితే మార్కులు పోతాయా? టీచర్లెవరైనా చెప్పండి.