ఉద్యోగంలో ఉంటూనే దరఖాస్తు: గుట్టుగా ఉంచమని కన్సల్టెన్సీని అడగడం ఎలా?

రేణిగుంట_క్వాలిటీ: ఆరేళ్లుగా రేణిగుంటలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. శ్రీసిటీలో ఖాళీ ఉందని, రెజ్యూమె పంపమని చెన్నై కన్సల్టెన్సీ నుంచి ఒకావిడ ఫోను చేశారు. కంపెనీ పేరు ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇక్కడి హెచ్‌ఆర్ వాళ్లందరికీ ఒకే వాట్సాప్ గ్రూపు ఉంది. గోప్యంగా ఉంచమని అడిగితే తప్పుగా అనుకుంటారా?

పూతలపట్టు_వాసి: ఎందుకు అనుకుంటారు? రెజ్యూమె పైన పెద్ద అక్షరాలతో ‘గోప్యం’ అని రాయండి. నేను అలాగే రాశాను, ఉద్యోగం వచ్చింది.

నియామకాల_పెద్దాయన: పదిహేనేళ్లుగా నా పని ఇదే. ఆ మాట వల్ల ఉద్యోగం రాలేదు, అది ఉన్నా వచ్చింది, అంతే. కన్సల్టెన్సీలో ఒకరు రెజ్యూమె తీసుకుంటారు, ఇంకొకరు అందులోని వివరాలను పట్టికలో వేసి కంపెనీకి పంపుతారు. ఆ పట్టికలో మీ ‘గోప్యం’ ఉండదు.

రెజ్యూమె పంపక ముందే మెయిల్ రాయండి. ఉత్తగా ‘గోప్యంగా ఉంచండి’ అంటే ఎవరికి తోచిన అర్థం వారు తీసుకుంటారు. ఏ కంపెనీకైనా పంపే ముందు దాని పేరు చెప్పి నా అనుమతి తీసుకోండి అని రాయండి. నేను రాజీనామా ఇచ్చేదాకా ఇప్పటి సంస్థలో ఎవరినీ సంప్రదించవద్దు అని కూడా రాయండి. ఫోనులో ‘సరే సార్’ అన్నది లెక్కలోకి రాదు. మెయిల్‌లో జవాబు వచ్చాకే రెజ్యూమె పంపాలి.

చంద్రగిరి_అమ్మాయి: జాబ్ పోర్టల్‌లో నా కంపెనీకి ప్రొఫైల్ కనిపించకుండా బ్లాక్ చేశాను. అదే గ్రూపులోని ఇంకో కంపెనీ వేరే పేరుతో ఉందన్న సంగతి తట్టలేదు. వారం తిరగకుండా మా మేనేజర్ నా రెజ్యూమె ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టారు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఏడాది జీతం మాత్రం పెరగలేదు.

కాణిపాకం_రెడ్డి: ఇవన్నీ ఎందుకు? యూఏఎన్ నంబరు ఇచ్చారంటే పాత కంపెనీకి పీఎఫ్ నుంచి మెసేజ్ వెళ్లిపోతుంది. మా బావమరిది అలాగే దొరికిపోయాడు.

నియామకాల_పెద్దాయన: నంబరు ఇచ్చినంత మాత్రాన ఎవరికీ మెసేజ్ వెళ్లదు. కొత్త చోట చేరాక వాళ్లు పీఎఫ్ కట్టడం మొదలుపెడితే ఆ చేరిక మీ ఖాతాలో కనిపిస్తుంది. మీ బావమరిది ఇంకెక్కడో దొరికి ఉంటాడు.

కాణిపాకం_రెడ్డి: మా ఇంటి విషయం మీకు ఎక్కువ తెలుసా?

అలిపిరి_మెట్లు: అసలు చిక్కు ఇంటర్వ్యూ రోజు సెలవు. బెంగళూరులో ఉన్నవాళ్లు తిరుమల దర్శనం అంటే సరిపోతుంది. తిరుపతిలో ఉండి అదే చెప్పి చూడండి. మర్నాడు ఆఫీసులో లడ్డూ అడిగారు. బస్టాండ్ దగ్గర మైసూర్‌పాక్ కొని ఇచ్చి తప్పించుకున్నాను.

పూతలపట్టు_వాసి: దేవుడి పేరుతో అబద్ధం చెప్పి మళ్లీ గొప్పగా చెప్పుకుంటున్నారు.

అలిపిరి_మెట్లు: దర్శనానికి తర్వాత వెళ్లాను లెండి. మొక్కు తీరింది.

చంద్రగిరి_అమ్మాయి: ఎవరూ చెప్పని ఇంకో సంగతి. ఆఫర్ తర్వాత వెరిఫికేషన్ ఫారం వస్తుంది. ‘ఇప్పటి యజమానిని ఇప్పుడే సంప్రదించవచ్చా’ అనే గడి అందులో ఉంటే చదవకుండా ‘అవును’ పెట్టవద్దు. మా స్నేహితురాలు రాజీనామా ఇవ్వక ముందే వాళ్ల హెచ్‌ఆర్‌కు మెయిల్ వెళ్లింది. రెఫరెన్స్ అడిగితే మానేసిన కంపెనీలోని మేనేజర్ పేరు ఇవ్వండి.

రేణిగుంట_క్వాలిటీ: అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారు చెప్పినట్టే మెయిల్ రాశాను. రెండో షరతుకు సరేనన్నారు. కంపెనీ పేరు మాత్రం ముందుగా చెప్పడం కుదరదట. నేను నేరుగా దరఖాస్తు చేసుకుంటే తమ కమీషన్ పోతుందని భయం. బదులుగా నా పేరు, కంపెనీ పేరు తీసేసి వివరాలు పంపుతామన్నారు. ఒప్పుకోవచ్చా?

నియామకాల_పెద్దాయన: ఆ వివరాలు మీ చేత్తో మీరే రాసి ఇవ్వండి. పేరు తీసేసి ‘రేణిగుంట, ఆరేళ్లు, క్వాలిటీ’ అని ఉంచితే మిమ్మల్ని గుర్తుపట్టడానికి పేరు ఎందుకు? ఊరు తీసేసి ‘రాయలసీమలో ఎలక్ట్రానిక్స్ తయారీ’ అనండి. మీరు వాడే యంత్రం మోడల్, కస్టమర్ పేరు రాయవద్దు. ఆరేళ్లను ‘అయిదుకు పైగా’ అనండి. వాళ్లు ఆసక్తి చూపాక పేరు చెప్పమని మళ్లీ అడగండి. అప్పటికీ చెప్పకపోతే వదిలేయండి.

కాణిపాకం_రెడ్డి: ఇంత దాచుకుంటే ఎవరు పిలుస్తారు?

రేణిగుంట_క్వాలిటీ: పిలిచారు అన్నా. నిన్న సాయంత్రం పేరు చెప్పారు. మాకు విడిభాగాలు ఇచ్చే సంస్థ అది. ఆడిట్‌కు నెలనెలా అక్కడికి వెళ్లేది నేనే. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. ఇంటర్వ్యూ వీడియోలో పెట్టమని అడగనా, అసలు వద్దనుకోనా?

అలిపిరి_మెట్లు: ఆడిట్ రోజునే ఇంటర్వ్యూ పెట్టమనండి. సెలవు కూడా అక్కర్లేదు.

నియామకాల_పెద్దాయన: ఆ పని చేయవద్దు. మీరు తప్పులు పట్టాల్సిన వాళ్లే మీకు ఉద్యోగం ఇస్తున్నారని రేపు తెలిస్తే, అప్పుడు మాట మీ దరఖాస్తు మీద ఉండదు, మీరు సంతకం పెట్టిన ఆడిట్ నివేదికల మీద ఉంటుంది.