రిక్రూటర్‌కి మొదటి మెసేజ్‌లోనే హైబ్రిడ్, టైమింగ్స్ అడగొచ్చా?

మధురవాడ_జావా
నాకు జావాలో ఆరేళ్ల అనుభవం ఉంది. నిన్న లింక్డ్‌ఇన్‌లో ఒక రిక్రూటర్ మెసేజ్ పెట్టారు. కంపెనీ హైదరాబాద్‌ది, ఉద్యోగం "హైబ్రిడ్" అన్నారు, రెజ్యూమె పంపమన్నారు. నాన్నగారికి వారానికి మూడు రోజులు డయాలసిస్. నేను వైజాగ్ వదిలి వెళ్లలేను.

పోయిన ఏడాది ఇలాగే వేరే చోట మూడు రౌండ్లు పూర్తయ్యాక చెప్పారు, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని, టైమింగ్ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు అని. ఇంటర్వ్యూల కోసం పెట్టిన సెలవులన్నీ వృథా అయ్యాయి. అందుకే ఈసారి ముందే అడగాలనుకుంటున్నాను. మొదటి మెసేజ్‌లోనే ఇవి అడిగితే పని మీద ఆసక్తి లేనివాడు అనుకుంటారని మా ఫ్రెండ్ అంటున్నాడు. అడగొచ్చా? ఎలా రాయాలి?

ఎంవీపీ_కాలనీ_కుర్రాడు
అడగొద్దు అన్నా. ముందు వాళ్లకి మనం నచ్చాలి. టెక్నికల్ రౌండ్లు అయ్యాక హెచ్ఆర్ రౌండ్‌లో అడిగితే మన మాటకి విలువ ఉంటుంది. నాకు రెండు ఆఫర్లు అలాగే వచ్చాయి.

పాత_రిక్రూటర్
నేను పదకొండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మాది సీతమ్మధార. పై తమ్ముడు చెప్పింది ఒక సందర్భంలో నిజం. మీరే వెతికి రిక్రూటర్‌కి ముందుగా రాస్తే, మొదటి మెసేజ్‌లో మీ అనుభవం కనపడాలి, షరతులు కాదు. ఇక్కడ రిక్రూటరే ముందు రాశారు కదా. వాళ్లు మీ దగ్గర రెజ్యూమె అడుగుతున్నారు. జవాబు ఇస్తూ రెండు ప్రశ్నలు అడగడం మామూలు విషయం.

మా వైపు పని ఎలా జరుగుతుందో చెబుతాను. ప్రతి అభ్యర్థికీ ఎక్సెల్‌లో ఒక వరుస ఉంటుంది. అనుభవం, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీస్ పీరియడ్, ఉన్న ఊరు, ఊరు మారడానికి సిద్ధమా. మీరు ఏమీ అనకపోతే ఆ చివరి గడిలో చాలామంది "సిద్ధమే" అని నింపేస్తారు. మేనేజర్ అదే చూసి ఇంటర్వ్యూ పెడతాడు. పోయిన ఏడాది మీకు జరిగింది బహుశా ఇదే.

"వర్క్ ఫ్రం హోమ్ ఉందా?" అని మాత్రం అడక్కండి. "ఉంది, హైబ్రిడ్" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం. కొన్ని చోట్ల వారంలో ఫలానా రోజులు తప్పనిసరి. కొన్ని చోట్ల నెలకి ఇన్ని రోజులని లెక్క, అవి ఎప్పుడైనా పూర్తి చేయొచ్చు. కొండాపూర్‌లో ఉండేవాడికి ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. మీకు అసలు తేడా ఇక్కడే. వారానికి రెండు రోజులు తప్పనిసరి అంటే ప్రతి వారం రెండు రాత్రులు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనో బస్సులోనో గడపాలి, లేదా అక్కడ రూమ్ తీసుకోవాలి. అదే నెలకి ఎనిమిది రోజులు, కలిపి చేసుకోవచ్చు అంటే రెండు ప్రయాణాలతో అయిపోతుంది. మీ ఇంటి పరిస్థితికి అది కూడా సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి.

ఇలా రాయండి. పంపేది ఇంగ్లీషులోనే, విషయం మాత్రం ఇది:

"నమస్తే అండి, మెసేజ్‌కి థాంక్స్. జావా, స్ప్రింగ్ బూట్‌లో ఆరేళ్లు పనిచేశాను, నోటీస్ అరవై రోజులు. నేను విశాఖపట్నంలో ఉంటాను, ఇక్కడి నుంచే పనిచేయాలనుకుంటున్నాను. రెజ్యూమె పంపే ముందు మూడు విషయాలు చెప్పగలరా? ఆఫీసుకు రావాల్సిన రోజులు వారం లెక్కా, నెల లెక్కా, కలిపి చేయొచ్చా? ఆఫర్ లెటర్‌లో బేస్ లొకేషన్ ఏ ఊరు రాస్తారు? మన టైమ్ ప్రకారం పని వేళలు ఏమిటి?"

ఇంతకంటే పొడవు వద్దు. జీతం, సెలవుల సంగతి ఇందులో కలపొద్దు, తర్వాత కాల్‌లో మాట్లాడుకోవచ్చు.

శ్రీకాకుళం_టు_వైజాగ్
నాకు కూడా ఇంటి నుంచి పని కావాలండి. డిగ్రీ అయింది. ఒకరు వాట్సాప్‌లో టైపింగ్ వర్క్ ఇస్తామన్నారు, రిజిస్ట్రేషన్‌కి 2,500 కట్టమన్నారు. ఏ టైమింగ్ అడగాలి?

పాత_రిక్రూటర్
తమ్ముడూ, టైమింగ్ అడగొద్దు, డబ్బూ కట్టొద్దు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బు అడగరు. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

గాజువాక_అమ్మాయి
టైమింగ్స్ గురించి నా అనుభవం చెబుతాను. నేనూ ముందే అడిగాను. "జనరల్ షిఫ్ట్ మేడం" అన్నారు. సెప్టెంబర్‌లో చేరాను. రోజూ సాయంత్రం ఆరున్నరకి అమెరికా టీమ్‌తో కాల్, ఏడున్నరకి బయటపడేదాన్ని. నవంబర్ రాగానే అదే కాల్ ఏడున్నరకి మారింది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్లు గడియారం మారుస్తారు, మనం మార్చం. ఆ రోజుల్లో రుషికొండ ఆఫీసులో ఎనిమిదిన్నరకి పని ముగించి గాజువాక చేరేసరికి పది దాటేది. క్యాబ్ ఉందన్నారు కానీ మా ఏరియా వాళ్ల పరిధిలో లేదని చేరాకే తెలిసింది.

అందుకే "షిఫ్ట్ ఏమిటి" అని వదిలేయకుండా, ఏ దేశం టీమ్‌తో పని, రోజూ ఎన్ని గంటలు వాళ్లతో కలిసి ఉండాలి, మార్చిలో, నవంబర్‌లో మారుతుందా అని అడగండి. ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లైతే క్యాబ్ మీ ఏరియాకి వస్తుందా అనేది కూడా.

పాత_రిక్రూటర్
అమ్మా, ఇది నా మెసేజ్‌లో లేదు, ఉండాల్సింది. "మన టైమ్ ప్రకారం పని వేళలు, ఏ దేశం టీమ్‌తో" అని మార్చుకోండి. బ్రిటన్ టీమ్ అయినా ఇదే సంగతి, అక్కడ మారేది మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో.

ఎన్ఏడీ_జంక్షన్
కన్సల్టెన్సీ రిక్రూటర్‌ని ఇవన్నీ అడిగి లాభం లేదు. వాళ్లకే తెలియదు.

పాత_రిక్రూటర్
చాలాసార్లు నిజమే. కంపెనీ పేరు చెప్పకుండా "మా క్లయింట్" అంటుంటే బయటి కన్సల్టెన్సీ అనుకోవచ్చు. అయినా అడగండి. మంచివాళ్లు "టీమ్‌ని అడిగి చెబుతాను" అని ఒకటి రెండు రోజుల్లో చెబుతారు. "అదంతా తర్వాత చూద్దాం, ముందు రెజ్యూమె పంపండి" అని రెండుసార్లు అంటే, వాళ్ల దగ్గర జవాబు లేదు, లేదా ఉన్న జవాబు మీకు నచ్చదు. ఇంకొకటి, మెసేజ్‌లో వచ్చిన జవాబు హామీ కాదు. ఆఫర్ లెటర్‌లో ఊరు పేరు చూసుకోవాలి. అందులో కూడా "అవసరాన్ని బట్టి మార్చే హక్కు కంపెనీకి ఉంది" అని తరచుగా ఉంటుంది. దాన్ని తీయించడం నేను పెద్దగా చూడలేదు.

మధురవాడ_జావా
నాన్నగారి సంగతి కూడా రాయాలా?

పాత_రిక్రూటర్
మొదటి మెసేజ్‌లో వద్దు. "ఇక్కడి నుంచే పనిచేయాలి" అన్నది చాలు.

ఎన్ఏడీ_జంక్షన్
నేను ఒప్పుకోను. అమ్మ ఆపరేషన్ గురించి నేను మొదటే చెప్పాను. మేనేజర్ నా ఒక్కడికీ ఆరు నెలలు పూర్తిగా ఇంటి నుంచి ఇచ్చాడు. చెప్పకపోతే వాళ్లకి ఎలా తెలుస్తుంది?

గాజువాక_అమ్మాయి
మీకు మంచి మేనేజర్ దొరికారు. నేను పిల్లల సంగతి చెబితే మళ్లీ ఫోనే రాలేదు. కారణం అదేనో కాదో నాకిప్పటికీ తెలియదు.

మధురవాడ_జావా
నాన్నగారి సంగతి రాయకుండానే పంపాను. ఈరోజు జవాబు వచ్చింది. నెలకి ఎనిమిది రోజులు, మేనేజర్ ఒప్పుకుంటే కలిపి చేయొచ్చట. లండన్ టీమ్, పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది వరకు. డయాలసిస్ ఉదయం స్లాట్ కాబట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో సరిపోతుంది. హైదరాబాద్ వెళ్లే రోజులకి మా చెల్లిని అడగాలి. బేస్ లొకేషన్ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. గురువారం నాలుగింటికి కాల్ ఉంది, మొదట అదే అడుగుతాను.