పోటీ షోరూము చుట్టూ జియోఫెన్స్: 50 మీటర్ల మాట నమ్మొచ్చా?

బెజవాడ చీరలు: మాది బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు. దగ్గర్లోని పెద్ద షోరూము చుట్టూ 50 మీటర్ల గీత గీసి, అందులోకి వెళ్ళినవాళ్ళ ఫోన్లకే మా ప్రకటన చూపిస్తామని ఒక ఏజెన్సీ అంటోంది. డబ్బు పెట్టొచ్చా?

గోదారి కుర్రాడు: పెట్టేయండి అన్నా. 2018లో అమెరికాలో బర్గర్ కింగ్ చేసింది ఇదే. మెక్‌డొనాల్డ్స్‌కి 600 అడుగుల లోపుకి వెళ్తే ఒక్క సెంటుకే వొప్పర్ బర్గర్.

మీడియా ప్లానర్: తమ్ముడూ, అక్కడ జనం ఆ కంపెనీ యాప్ దింపుకుని, లొకేషన్ అనుమతి ఇచ్చి, ఆఫర్ కోసం తామే తెరిచారు. ఫోన్ జీపీఎస్ నేరుగా ఆ యాప్‌కి అందింది. బయట కొనే ప్రకటనకి ఆ సౌకర్యం ఉండదు. గూగుల్ యాడ్స్‌లో కనీస వ్యాసార్థమే 1 కిలోమీటరు. అంటే 50 మీటర్ల వృత్తానికి 400 రెట్లు స్థలం. అంత గీత గీస్తే అన్నగారి కొట్టూ, అందులో కూర్చున్న ఆయన ఫోనూ లోపలే ఉంటాయి.

ఏజెన్సీ వేరే యాప్‌ల నుంచి లొకేషన్ కొంటుంటే, పేర్లూ ఫోన్ ఐడీలూ తీసేసిన నమూనా ఫైలు అడగండి. అక్షాంశం దశాంశం తర్వాత రెండంకెలతో ఆగితే తేడా కిలోమీటరు దాకా ఉండొచ్చు, మూడంకెలైతే వంద మీటర్లు. వందల ఫోన్లు అచ్చంగా ఒకే బిందువు మీద కనిపిస్తే అది జీపీఎస్ కాదు, ఐపీ అడ్రసు చూసి ఊరి నడిబొడ్డున పెట్టిన గుర్తు. అన్నీ సరిగ్గా ఉన్నా, ఇరుకు వీధిలో గోడల మధ్య జీపీఎస్ జరుగుతుంది. పై అంతస్తులో ఉన్నారో కింద టీ తాగుతున్నారో చెప్పలేదు.

గోదారి కుర్రాడు: మరి నుమాయిష్ లాంటి చోట?

మీడియా ప్లానర్: అక్కడ నయం. మైదానం పెద్దది, పైన ఆకాశం కనిపిస్తుంది. పది ఇరవై మీటర్లు అటూ ఇటూ అయినా మనిషి మైదానంలోనే ఉంటాడు.

గుంటూరు అక్క: నాదొక సంగతి. మరదలితో సంతాన సాఫల్య ఆసుపత్రికి వెళ్ళొచ్చాక, వారం రోజులు నా ఫోన్లో అవే ప్రకటనలు. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, పిల్లలు ఆ ఫోనే పట్టుకుంటారు. నేనేమీ వెతకలేదు కూడా.

మీడియా ప్లానర్: మీ మరదలు అదే వైఫైలో వెతికినా అలా రావొచ్చు అక్కా, జియోఫెన్సే అని తేల్చలేం. కానీ మీ భయం నిజం. గర్భస్రావ క్లినిక్‌లకి వెళ్ళిన ఆడవాళ్ళ ఫోన్లకి ఇలాగే ప్రకటనలు పంపారని 2017లో మసాచుసెట్స్ అటార్నీ జనరల్ ఒక ప్రకటనల కంపెనీతో తమ రాష్ట్రంలో ఆ పని చేయబోమని ఒప్పందం రాయించుకున్నారు.

బెజవాడ చీరలు: చీరల కొట్టుకీ ఆసుపత్రికీ పోలికేంటండీ? నాకు పేర్లు కూడా తెలియవు.

మీడియా ప్లానర్: మీకు తెలియదు, ఏజెన్సీ దగ్గరుండే అసలు ఫైలుకి తెలుస్తుంది. పగలు షోరూములో కనిపించిన ఐడీయే రోజూ రాత్రి ఒకే ఇంట్లో కనిపిస్తే, పేరు రాయకపోయినా మనిషి దొరికినట్టే. మన 2023 డేటా చట్టం ఫలానా పనికని చెప్పి సమ్మతి తీసుకోమంటుంది. వాతావరణం యాప్‌కి ఇచ్చిన అనుమతి మీ ప్రకటనకి చెల్లుతుందని నేననుకోను.

గోదారి కుర్రాడు: అనుమతి నొక్కింది వాళ్ళే కదా. ఇందులో నేను ఒప్పుకోను.

బెజవాడ చీరలు: నమూనా ఫైలు అడిగాను. ముందు అడ్వాన్సు కట్టమంటున్నారు.